జూన్–జూలై నిఫ్టీ స్ప్రెడ్ 66 పాయింట్లు చవగ్గా కనిపిస్తోంది, లెక్క ఎక్కడ తప్పింది?

#1 కాకినాడ కుర్రోడు

నిఫ్టీ ఫ్యూచర్స్ క్యాలెండర్ స్ప్రెడ్, అంటే రెండు నెలల కాంట్రాక్టుల ధరల తేడా మీద బ్యాక్‌టెస్ట్ రాస్తున్నానండి. నిరుటి జూన్ దగ్గర బండి ఆగిపోయింది. తేదీలు నిజమైనవే: 2025 జూన్ 16న కూర్చుని చూస్తే జూన్ కాంట్రాక్ట్ 26వ తేదీ గురువారం ముగుస్తుంది, అంటే 10 రోజులు. జూలై కాంట్రాక్ట్ 31న ముగుస్తుంది, 45 రోజులు. ధరలు మాత్రం ఇక్కడ రాయడానికి వీలుగా గుండ్రం చేశాను, అవి అసలు కోట్లు అనుకోకండి. స్పాట్ 25,000, వడ్డీ 6 శాతం.

```
F1 = 25000 * (1 + 0.06 * 10/365) = 25041
F2 = 25000 * (1 + 0.06 * 45/365) = 25185
F2 - F1 = 144
```

తెర మీద స్ప్రెడ్ 78 ఉందనుకోండి. అంటే 66 పాయింట్లు చవక. జూలై కొని జూన్ అమ్మేస్తే, జూన్ ముగిసేలోపు ఈ తేడా నా చేతికి రావాలి కదా? అంత డబ్బు రోడ్డు మీద పడి ఉంటే ఎవరూ తీసుకోకుండా ఎందుకు వదిలేస్తారు? నా షీట్‌లోనే ఏదో తప్పుందని తెలుస్తోంది, అది ఎక్కడో తెలియడం లేదు.

#2 థీటా రాజు

క్యాలెండర్ అంటే దగ్గర వారం ఆప్షన్ అమ్మి నెలవారీది కొనడమే కదా బ్రో. ఇందులో వడ్డీ లెక్క ఏమొస్తుంది? చూడాల్సింది ఐవీ. ముందు వారం ఐవీ ఎక్కువుంటే అమ్మెయ్, లేకపోతే ఊరుకో. 78, 144 అంటున్నావ్, ఏ స్ట్రైక్‌వి అవి?

#3 కాకినాడ కుర్రోడు

ఆప్షన్లు కాదు రాజు గారూ. రెండూ ఫ్యూచర్సే. స్ట్రైక్ ఉండదు.

#4 ఓరుగల్లు ట్రేడర్

ఇంత లెక్క ఎందుకన్నా. దూరం నెల ప్రీమియం తగ్గిందంటే మార్కెట్ పడతదని పెద్దోళ్లు ముందే చెప్తున్నట్టు. లాంగులు జూలైకి రోల్ చేస్తలేరు, షార్టులు చేస్తుండ్రు. 144 ఉండాల్సింది 78కి వచ్చిందంటే అది బేరిష్. జూలై కొన్నవంటే ఇరుక్కుంటవ్.

#5 బేసిస్ మాస్టారు

కుర్రోడు గారూ, మీ సూత్రంలో డివిడెండ్ లేదు. తప్పంతా అక్కడే ఉంది. ఏడాదిలో వేరే నెల పట్టుకుని ఉంటే తేడా ఇంత కొట్టొచ్చినట్టు కనపడేది కాదు. మీరు సరిగ్గా జూన్–జూలై పట్టుకున్నారు.

నిఫ్టీ 50 ధరల సూచీ. ఒక కంపెనీ డివిడెండ్ రికార్డ్ తేదీ రోజు షేరు ఆ మేరకు దిగుతుంది, షేరుతో పాటు సూచీ కూడా దిగుతుంది. షేర్లు చేతిలో ఉన్నవాడికి ఆ డబ్బు ఖాతాలో పడుతుంది. ఫ్యూచర్ కొన్నవాడికి పడదు. పడని డబ్బుకు వాడు ధర ఎందుకు చెల్లిస్తాడు? అందుకని ముగింపు తేదీ లోపల రాబోయే డివిడెండ్లను ముందుగానే ఫ్యూచర్ ధరలోంచి తీసేస్తారు.

ఇప్పుడు నిరుటి క్యాలెండర్ చూడండి. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ షేరుకు 22 రూపాయల డివిడెండ్, రికార్డ్ తేదీ 2025 జూన్ 27. జూన్ సిరీస్ ముగిసింది 26న. ఒక్క రోజు తేడాతో ఆ డివిడెండ్ మొత్తం జూలై కాంట్రాక్ట్ నెత్తిన పడింది. అప్పటికి షేరు సుమారు 2,000, సూచీలో బరువు దాదాపు 13 శాతం. పాయింట్లలోకి మార్చడం ఇలా:

```
(22 / 2000) * 0.13 * 25000 = 35.75
```

ఒక్క బ్యాంకే 36 పాయింట్లు. భారతీ ఎయిర్‌టెల్ 16 రూపాయలు, రికార్డ్ తేదీ జూలై 18. అది ఇంకో 9 పాయింట్ల దాకా వస్తుంది. అలా ఎయిర్‌టెల్‌తో కలిపి మిగతావన్నీ 34 అనుకుందాం. జూన్ 26 తర్వాత, జూలై 31 లోపల మొత్తం 70. జూన్ 16 నుంచి 26 లోపు పడేవి ఓ 8 అనుకోండి.

```
F1 = 25000 + 41.1 - 8        = 25033
F2 = 25000 + 184.9 - 8 - 70  = 25107
F2 - F1 = 74
```

మొదటి 8 రెండు కాంట్రాక్టుల్లోనూ పోతుంది, స్ప్రెడ్‌కు దాంతో పని లేదు. రెండు ముగింపుల మధ్య పడే 70 మాత్రమే స్ప్రెడ్‌ను కోస్తుంది. సరసమైన స్ప్రెడ్ 74, మీ తెర మీద 78. చవక కాదు సరికదా, 4 పాయింట్లు ప్రియం. మీరు కొందామనుకున్న వైపే తప్పు వైపు.

#6 కాకినాడ కుర్రోడు

అయ్య బాబోయ్. డివిడెండ్ ఈల్డ్ ఏడాదికి 1.3 శాతం చిల్లర, 35 రోజులకు 31 పాయింట్లే కదా, తర్వాత చూసుకుందాం అని పక్కన పెట్టాను. నిజంగా 70 దాకా ఉంటుందా?

#7 బేసిస్ మాస్టారు

ఏడాది సగటును రోజులకు పంచడం అందరూ చేసే పొరపాటే. డివిడెండ్లు నెలనెలా సమానంగా రావు. మార్చి లెక్కలు ఏప్రిల్, మే నెలల్లో తేలతాయి, తుది డివిడెండ్ల రికార్డ్ తేదీలు ఎక్కువగా మే చివరి నుంచి ఆగస్టు దాకా గుంపుగా పడతాయి. ఆ గుంపులో సగటు చాలా తక్కువ చూపిస్తుంది, మిగతా నెలల్లో ఎక్కువ చూపిస్తుంది. అందుకే ఈల్డ్ అనే సంఖ్యను వదిలేసి 50 కంపెనీల పట్టిక పెట్టుకోండి. పేరు, ప్రకటించిన మొత్తం, రికార్డ్ తేదీ, ధర, బరువు ఉంటే చాలు. మార్కెట్ టీ ప్లస్ వన్‌కు, అంటే మర్నాడే సెటిల్‌మెంట్‌కు మారాక, షేరు డివిడెండ్ లేకుండా ట్రేడ్ అవడం మొదలయ్యే ఎక్స్ తేదీ, రికార్డ్ తేదీ ఒకటే రోజు, కాబట్టి రెండు నిలువు వరుసలు అక్కర్లేదు.

ఒక మెలిక ఉంది. ఎక్స్ తేదీ సరిగ్గా ముగింపు రోజే పడితే అది దగ్గర నెల ఖాతాలోకే వస్తుంది. ఆ రోజు పొద్దున్నే షేరు దిగిపోతుంది, సాయంత్రం సెటిల్‌మెంట్ దిగిన సూచీ మీద జరుగుతుంది. మీ షీట్‌లో "చిన్నది" గుర్తుకు బదులు "చిన్నది లేదా సమానం" పెట్టండి. 2025 సెప్టెంబర్ నుంచి ముగింపు గురువారం నుంచి మంగళవారానికి మారింది కాబట్టి పాత తేదీల కోడ్ కూడా సరిచూసుకోండి. రెండు రోజుల తేడాతో ఒక పెద్ద బ్యాంక్ డివిడెండ్ ఇటు నెలలోంచి అటు నెలలోకి దూకేస్తుంది.

#8 ఈ టు ది ఆర్‌టీ

మాస్టారూ, ఒక సవరణ. సాధారణ వడ్డీ వాడకూడదు. ఎన్ఎస్ఈ సొంత సూత్రంలోనే `F = S * e^(rt)` ఉంది. నిరంతర చక్రవడ్డీ పెట్టకపోతే ఫెయిర్ వాల్యూ అని పిలవకూడదు.

#9 బేసిస్ మాస్టారు

పెట్టి చూశాను. 45 రోజులకు 184.9 బదులు 185.6 వచ్చింది. ముప్పాతిక పాయింట్. 36 పాయింట్ల డివిడెండ్ మర్చిపోయిన షీట్‌లో ముప్పాతిక కోసం కొట్టుకోవడం దేనికండీ? ఏది వాడినా ఫర్వాలేదు, రెండు కాళ్లకూ ఒకటే వాడితే చాలు.

#10 డెస్క్ సుజాత

కుర్రోడు గారి మొదటి పోస్టులో ఇంకో తప్పుంది, దాన్ని ఎవరూ పట్టుకోలేదు. "జూన్ ముగిసేలోపు తేడా చేతికి రావాలి" అన్నారు. ఒక ఫ్యూచర్ తన ముగింపు రోజున స్పాట్‌ను కలుస్తుంది, నిజమే. స్ప్రెడ్ దేన్నీ కలవదు. జూన్ 26న జూన్ కాంట్రాక్ట్ స్పాట్‌తో సమానం అవుతుంది, జూలై కాంట్రాక్ట్‌కు ఇంకా 35 రోజులు ఉంటాయి. కాబట్టి ఆ రోజు స్ప్రెడ్ అంటే జూలై బేసిస్సే, అంటే జూలై ఫ్యూచర్‌కూ స్పాట్‌కూ ఉన్న తేడాయే. 35 రోజుల వడ్డీ 144, అందులోంచి డివిడెండ్లు 70 తీస్తే మళ్లీ అదే 74. స్పాట్, వడ్డీ మారకపోతే స్ప్రెడ్ పది రోజులూ అక్కడక్కడే తిరుగుతుంది. 144 వస్తుందని కూర్చున్నవాళ్లకు అది ఎప్పటికీ రాదు.

కదిలించేవి రెండే. సూచీ 1 శాతం కదిలితే స్ప్రెడ్ ఒకటిన్నర పాయింట్ కూడా కదలదు. వడ్డీ అంచనా పావు శాతం మారితే 6 పాయింట్లు కదులుతుంది. స్ప్రెడ్ పట్టుకున్నవాళ్లు మార్కెట్ దిశ మీద కాదు, ఆ 35 రోజుల వడ్డీ మీద, డివిడెండ్ అంచనా మీద పందెం కాస్తున్నారు.

#11 ఓరుగల్లు ట్రేడర్

అక్కా, మరి జూన్ 27 పొద్దుగాల జూలై ప్రీమియం ఒక్కసారే పెరుగుతది కదా. అది బుల్లిష్ కాదా? లాంగులు వచ్చినట్టే గద.

#12 డెస్క్ సుజాత

ఎవరూ రాలేదు తమ్ముడూ. ఆ పొద్దున బ్యాంక్ షేరు 22 రూపాయలు తగ్గి మొదలవ్వాలి, దాంతో సూచీ 36 పాయింట్లు తగ్గాలి. ఫ్యూచర్ ఆ 36ను ఎప్పుడో తీసేసుకుంది, ఇప్పుడు తగ్గాల్సిన పని లేదు. కింద గీత దిగింది, పై గీత అక్కడే ఉంది, మధ్య ఖాళీ పెరిగింది. రోజంతా మార్కెట్ పైకి పోయిందో కిందికి పోయిందో దానితో సంబంధం లేదు.

నువ్వు చెప్పేది పూర్తిగా తప్పు కూడా కాదు. ముగింపు వారంలో లాంగులు రోల్ చేసే తొందరలో ఉంటే జూన్ అమ్మి జూలై కొంటారు, స్ప్రెడ్ సాగుతుంది. షార్టులది పైచేయి అయితే ముడుచుకుంటుంది. ఆ ఒత్తిడి నిజం. కానీ డివిడెండ్ తీసేశాక మిగిలిన దాంట్లో మాత్రమే దాన్ని వెతకాలి. 144 నుంచి 78 అనే దూరంలో కాదు, 74కీ 78కీ మధ్య.

#13 బేసిస్ మాస్టారు

సుజాత గారు చెప్పినదాన్ని ఒక సంఖ్యలో పెట్టుకోవచ్చు. పాయింట్లను వడ్డీలోకి తిప్పండి.

```
r = (spread + D) / F1 * 365 / (d2 - d1)

(78 + 70) / 25033 * 365 / 35 = 0.0617
(78 +  0) / 25033 * 365 / 35 = 0.0325
```

డివిడెండ్ కలిపితే 6.17 శాతం, మామూలుగానే ఉంది. కలపకపోతే 3.25. ఆ నెల 6వ తేదీనే రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును 5.5కు తగ్గించింది. దానికంటే ఇంత కిందికి స్ప్రెడ్ వడ్డీ పడిపోయిందంటే, మార్కెట్‌ను అనుమానించే ముందు మీ పట్టికను అనుమానించాలి.

వడ్డీలోకి తిప్పితే ఇంకో లాభం ఉంది. ముగింపుల మధ్య దూరం కొన్ని నెలల్లో 28 రోజులు, కొన్ని నెలల్లో 35. అదే 6 శాతానికి, అదే 25,000కు, డివిడెండ్ లేకుండా ఒకటి 115 పాయింట్లు, ఇంకొకటి 144. "పోయిన నెల 115, ఈ నెల 144, రోల్ ఖర్చు పెరిగిపోయింది" అని ప్రతి మూడో నెలా ఎవరో ఒకరు రాస్తుంటారు. పెరిగింది ఒక వారం.

#14 నెల్లూరు పెన్షనర్

అయ్యా, మధ్యలో వచ్చి అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. నాకు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో ఓ పదహారు లక్షలుంది. పడిపోతుందన్న భయంతో ఒక లాట్ షార్ట్ పెట్టి నెలనెలా రోల్ చేస్తున్నాను. మీరు చెబుతున్న ఈ స్ప్రెడ్ నాకు ఖర్చా, రాబడా? మా బ్రోకర్ కుర్రాడు ఖర్చు అంటాడు.

#15 బేసిస్ మాస్టారు

మీరు షార్ట్ కాబట్టి మీకు అది రాబడి వైపే పెద్దాయనా. రోల్ చేసేటప్పుడు దగ్గర నెల కొంటారు, దూరం నెల 74 ఎక్కువకు అమ్ముతారు. సూచీ అక్కడే ఉండి, డివిడెండ్లకు మాత్రం దిగిందనుకుందాం. ఆ నెలలో సూచీ 70 దిగుతుంది, మీ షార్ట్ మొత్తం 144 సంపాదిస్తుంది. మీ ఫండ్ విలువ మాత్రం దిగదు, ఎందుకంటే ఆ 70 డివిడెండ్‌గా ఫండ్‌లోకే వచ్చింది. అంటే 144 మీద 35 రోజులకు, ఏడాదికి 6 శాతం చొప్పున. పూర్తిగా హెడ్జ్ చేసిన ఫండ్ అంటే షేర్లు అమ్మేసి వడ్డీకి ఇచ్చినట్టే. అంతకు మించి రాదు, దాదాపు తగ్గదు కూడా.

అయితే మీ కుర్రాడు చెప్పే ఖర్చు వేరే ఉంది. ప్రతి రోల్‌లో దూరం నెల అమ్ముతారు కదా, దాని మీద లావాదేవీ పన్ను ఎస్టీటీ పడుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి ఫ్యూచర్స్ అమ్మకం మీద 0.05 శాతం, అంటే 25,000 దగ్గర పన్నెండున్నర పాయింట్లు. ఏడాదికి 12 రోల్స్ అంటే 150 పాయింట్లు, 0.6 శాతం. ఆ 6 శాతంలోంచి ఇది పోతుంది, బ్రోకరేజీ, పన్నులు వేరే. ఏడాది పొడుగునా హెడ్జ్ ఉంచేటట్టయితే, ఆ మేరకు ఫండ్ అమ్మి డిపాజిట్ వేయడం మేలేమో ఒకసారి లెక్క చూసుకోండి. అమ్మితే మూలధన లాభం మీద పన్ను కట్టాలి, ఆ సంగతి మీకే తెలియాలి.

#16 నెల్లూరు పెన్షనర్

అర్థమైంది. పన్ను సంగతి మా ఆడిటర్ గారిని అడుగుతాను.

#17 డెస్క్ సుజాత

ఎస్టీటీ మాట వచ్చింది కాబట్టి కుర్రోడు గారి బ్యాక్‌టెస్ట్ సంగతి కూడా తేల్చేద్దాం. స్ప్రెడ్ పెట్టి తీసేస్తే నాలుగు లావాదేవీలు, వాటిలో రెండు అమ్మకాలు. నిరుడు జూన్‌లో రేటు 0.02 శాతం, కాబట్టి ఒక్కో అమ్మకానికి 5, మొత్తం 10 పాయింట్లు. ఎక్స్ఛేంజ్ రుసుము నాలుగు వైపులా కలిపి రెండు పాయింట్ల లోపు, కొనుగోళ్ల మీద స్టాంప్ డ్యూటీ ఒకటి, ఆర్డరుకు 20 రూపాయల బ్రోకరేజీ అనుకుంటే అప్పటి 75 లాట్ మీద ఇంకొకటి, జీఎస్టీ అరపాయింట్. అన్నీ కలిపితే 14 పాయింట్లు. 78కీ 74కీ మధ్యనున్న 4 పాయింట్ల కోసం 14 ఖర్చు.

ఇప్పుడైతే ఎస్టీటీ ఒక్కటే 25. అదంతా కలిపి 29కి తక్కువ తేలదు. అంత తప్పు ధర లాట్ సైజులో ఎవరికి దొరుకుతుంది చెప్పండి? కోడ్‌లో ఒకే ఎస్టీటీ రేటు పెట్టి అయిదేళ్లు నడిపితే వచ్చే లాభం కాగితం మీదే ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 ముందు 0.01 శాతం, అప్పటి నుంచి 2024 అక్టోబర్ 1 ముందు దాకా 0.0125, ఆ తర్వాత 0.02, 2026 ఏప్రిల్ 1 నుంచి 0.05. తేదీని బట్టి మారాలి.

#18 కాకినాడ కుర్రోడు

డివిడెండ్ పట్టిక ఒక ఏడాదికి వేశాను. పెద్ద తేడాలు చాలావరకు మాయమయ్యాయి. కానీ మూడో నెల కాంట్రాక్ట్ దగ్గర వింత కనబడుతోంది. కొన్ని రోజులు స్ప్రెడ్ వడ్డీ గీత గీసినట్టు ఒకే అంకె మీద ఉంటుంది, మర్నాడు ఒక్కసారి 20 పాయింట్లు దూకి మళ్లీ వెనక్కి వస్తుంది. డేటా ఎన్ఎస్ఈ రోజువారీ ధరల ఫైలు భావ్‌కాపీ నుంచి తీసుకున్నాను.

#19 డెస్క్ సుజాత

భావ్‌కాపీలో ఏ నిలువు వరుస తీసుకున్నారు? సెటిల్‌మెంట్ ధర తీసుకుని ఉంటే జవాబు అందులోనే ఉంది. చివరి అరగంటలో ట్రేడ్ అయిన కాంట్రాక్ట్‌కు ఆ అరగంట సగటు రాస్తారు. ట్రేడ్ కాకపోతే, పైన మన మిత్రుడు చెప్పిన `S * e^(rt)` సూత్రంతో ధర కట్టి రాస్తారు. గీత గీసినట్టున్న రోజుల్లో మీరు చూస్తున్నది మార్కెట్ కాదు, సూత్రం. సూత్రంతో సూత్రాన్ని పోల్చి చూస్తే అందంగానే ఉంటుంది. చివరి ట్రేడ్ ధర తీసుకున్నా గొడవే, దూరం నెలలో ఆ ట్రేడ్ రెండింటికి జరిగి ఉండొచ్చు, దగ్గర నెలది మూడున్నరకు.

స్పాట్ విషయంలోనూ ఇలాంటి తేడా ఉంది. సూచీ ముగింపు అంటే 3:30కి ఉన్న సంఖ్య కాదు, కంపెనీల చివరి అరగంట సగటు ధరలతో కట్టింది. ఆ అరగంటలో మార్కెట్ 80 పాయింట్లు ఎక్కితే ముగింపు సగటు వెనకబడుతుంది, ఫ్యూచర్ చివరి ధర ముందుంటుంది. ఆ రోజు బేసిస్ పెద్దగా కనిపిస్తుంది, నిజానికి లేదు. వీలైతే రెండు కాళ్లకూ ఒకే నిమిషానికి బిడ్, ఆస్క్ తీసుకోండి. కొనే కాలికి ఆస్క్, అమ్మే కాలికి బిడ్. మధ్య ధర తీసుకుంటే మళ్లీ లేని లాభం వస్తుంది.

#20 థీటా రాజు

ఫ్యూచర్స్ అని ఇప్పుడు అర్థమైంది, సారీ. రెండు కాళ్లు పెడితే మార్జిన్ తక్కువ కదా, అందుకని ముగింపు దాకా ఉంచేస్తే పోలే? దగ్గర కాలు దానంతట అదే సెటిల్ అవుతుంది, ఒక బ్రోకరేజీ మిగులుతుంది.

#21 డెస్క్ సుజాత

చాలామంది అక్కడే దొరికిపోతారు. మామూలు రోజుల్లో స్ప్రెడ్‌కు మార్జిన్ చాలా తక్కువ, నిజమే. కానీ సూచీ డెరివేటివ్స్‌లో ఆ రోజు ముగిసే కాంట్రాక్ట్‌కు క్యాలెండర్ రాయితీ ఇవ్వకూడదని సెబీ చెప్పింది, 2025 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ముగింపు రోజున రెండు కాళ్లూ విడివిడి పొజిషన్లే. ఒక్కో లాట్ కాలికి రూ. 2 లక్షల దాకా అడుగుతారు. స్ప్రెడ్‌కు సరిపడా డబ్బే ఖాతాలో ఉంచినవాళ్లకు ముందు కొరత, తర్వాత జరిమానా, కొన్నిచోట్ల బ్రోకరే ఒక కాలు కోసేస్తారు. ఒక కాలు కోస్తే మిగిలింది స్ప్రెడ్ కాదు, నగ్నమైన ఫ్యూచర్. అందుకని ముందురోజే తేల్చుకోవడం మేలు.

డబ్బుండి ఉంచేవాళ్లకూ ఒక చిక్కుంది. దగ్గర కాలు మూడు నుంచి మూడున్నర దాకా సూచీ సగటు మీద సెటిల్ అవుతుంది. దూరం కాలును 3:29కి ఒక్క దెబ్బలో అమ్మితే, ఒక కాలుకు సగటు ధర, ఇంకో కాలుకు ఆఖరి క్షణం ధర. ఆ అరగంటలో సూచీ 60 పాయింట్లు కదిలితే పది రోజుల స్ప్రెడ్ లాభం అక్కడే పోతుంది. పది లాట్లుంటే మూడు నిమిషాలకో లాట్ చొప్పున దూరం కాలును విడగొట్టి అమ్మాలి, సగటుకు దగ్గరగా వస్తుంది. ఒకే లాట్ ఉన్నవాళ్లకు ఆ అవకాశం లేదు.

#22 ఓరుగల్లు ట్రేడర్

మరి పెట్టేటప్పుడు ముందు ఏ కాలు కొట్టాలె? నేనైతే రెండూ మార్కెట్ ఆర్డర్ కొడ్త.

#23 డెస్క్ సుజాత

నెల మధ్యలో అయితే దూరం నెల పలచగా ఉంటుంది, ముందు అక్కడ లిమిట్ పెట్టు. ఎంత నిండితే అంతకే దగ్గర నెల కొట్టు, అది ఎప్పుడూ దొరుకుతుంది. తిరగేసి దగ్గర నెల ముందు అమ్మావనుకో, దూరం నెల ఆస్క్ వెనక పరుగెత్తాలి, 10 పాయింట్లు పోవడానికి అయిదు సెకన్లు చాలు. ముగింపు వారంలో రెండూ చిక్కగానే ఉంటాయి, ఏది ముందైనా ఒకటే. ఎన్ఎస్ఈలో రెండు కాళ్లూ కలిపి తేడా ధరకే ఆర్డర్ పెట్టే స్ప్రెడ్ బుక్ వేరే ఉంది, అందులో ఒక కాలు మిగిలిపోయే భయం లేదు. కాకపోతే చాలా మొబైల్ యాప్‌లలో అది కనపడదు. మీ బ్రోకర్‌ని అడుగు, ఉంటే ముందు ఒక్క లాట్‌తో చూడు, "కొను" అంటే ఏ నెల కొంటున్నట్టో వాళ్ల తెర మీద నిర్ధారించుకున్నాకే పెద్దది పెట్టు.

#24 ఈ టు ది ఆర్‌టీ

అన్నీ ఒప్పుకుంటాను గానీ ఆ 6 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? రిస్క్ లేని రేటు అంటే 91 రోజుల ట్రెజరీ బిల్లు. అది పెడితే స్ప్రెడ్ ఎప్పుడూ ప్రియంగానే కనిపిస్తుంది. మీరు జవాబు నచ్చేదాకా వడ్డీ మారుస్తున్నట్టుంది.

#25 బేసిస్ మాస్టారు

న్యాయమైన ప్రశ్న. ట్రెజరీ బిల్లు రేటుకు నాకూ మీకూ ఎవరూ అప్పివ్వరు. ఫ్యూచర్ ప్రియంగా ఉందని షేర్లు కొని ఫ్యూచర్ అమ్మేది ఎక్కువగా ఆర్బిట్రేజ్ ఫండ్లు, పెద్ద సంస్థలు. వాళ్లకు ఆ డబ్బు ఇంకోచోట ఏమి తెస్తుందో అదే వాళ్ల రేటు. పైగా 50 షేర్ల బుట్ట డెలివరీలో కొంటే 0.1, అమ్మితే 0.1 శాతం ఎస్టీటీ, అంటే 25,000 మీద 50 పాయింట్లు. ఆ ఖర్చు దాటేదాకా ఎవరూ రారు, కాబట్టి బేసిస్‌కు ఒక గీత కాదు, ఒక వెడల్పాటి పట్టీ ఉంటుంది. చవకైన వైపు పట్టీ ఇంకా వెడల్పు, ఎందుకంటే షేర్లు అరువు తెచ్చి అమ్మడం మన దగ్గర అంత సులువు కాదు. 2020 మార్చిలో నిఫ్టీ ఫ్యూచర్స్ స్పాట్ కంటే కింద ట్రేడ్ అయింది అందుకే, దాన్ని పట్టుకుని లేపేవాళ్లు చాలరు.

అందుకని నేను బయటి రేటు పెట్టను. గత కొన్ని సిరీస్‌లలో డివిడెండ్ కలిపిన స్ప్రెడ్ వడ్డీ ఎంత తిరిగిందో చూస్తాను, దాంతో పోలుస్తాను.

#26 ఈ టు ది ఆర్‌టీ

అంటే ఫెయిర్ వాల్యూ కాదు, నిన్నటి వాల్యూ.

#27 డెస్క్ సుజాత

ఇద్దరూ ఆగండి, ఇది ఈ పేజీలో తేలేది కాదు. డెస్కుల్లో కూడా ఒక్కొక్కరు ఒక్కో రేటు పెట్టుకుంటారు, అందుకే ఒకరు కొంటే ఇంకొకరు అమ్ముతారు.

#28 కాకినాడ కుర్రోడు

ఒక్క ఆఖరి సందేహం. పట్టికలో ప్రకటించిన డివిడెండ్లు మాత్రమే పెట్టాను. ప్రకటించనివి?

#29 బేసిస్ మాస్టారు

నిరుడు జూన్ 16న మీ పట్టికలో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ 22 రూపాయలుంది. జూలై 19న అదే బ్యాంక్ 5 రూపాయల ప్రత్యేక మధ్యంతర డివిడెండ్ ప్రకటించింది, రికార్డ్ తేదీ జూలై 25. సూచీలో అది సుమారు 8 పాయింట్లు. జూన్ 16న అది ఎవరికీ తెలియదు. బ్యాక్‌టెస్ట్‌లో డివిడెండ్‌ను రికార్డ్ తేదీతో కలిపితే ఆ 8 కూడా జూన్ 16 లెక్కలోకి వచ్చేస్తుంది, అంటే మీ కోడ్ భవిష్యత్తు చదివేస్తున్నట్టు. పట్టికకు ప్రకటన తేదీ అని ఇంకో వరుస చేర్చండి, ఆ రోజుకు ముందు ఆ డబ్బు కనపడకూడదు. మామూలుగా ప్రతి ఏడాదీ ఇచ్చే కంపెనీలకు పోయిన ఏడాది మొత్తాన్ని, పోయిన ఏడాది తేదీని అంచనాగా పెట్టుకుని, ప్రకటన రాగానే మార్చేయండి. రికార్డ్ తేదీ ముగింపుకు అటూ ఇటూ మూడు రోజుల్లో పడేలా ఉన్నవాటిని ఎర్ర రంగు వేసి ఉంచుకోండి. స్ప్రెడ్ తప్పేది ఎక్కువగా వాటి దగ్గరే.

#30 కాకినాడ కుర్రోడు

వరుస చేర్చాను. జూన్ 16 నాటికి జూలై డివిడెండ్ల మొత్తం 8 పాయింట్లు తగ్గింది, ఆ తేదీ లాభంలోంచి నష్టంలోకి మారిపోయింది. మిగతా నెలలు రాత్రికి నడుపుతాను.